సొరకాయ మీద గోరు

బజారులో అత్తగారికి ఒక పేరుంది. ఆవిడ ఏరిన కాయ ఇంటికెళ్ళాక మోసం చెయ్యదని. ఆ పేరంటే ఆవిడకి ప్రాణం. అందుకే కోడలు కాపురానికి రాగానే సంచి చేతికిచ్చి వెంటబెట్టుకుని వెళ్ళింది.

"టమాటా ఎర్రగా ఉందని మురిసిపోకు. వేలితో మెల్లిగా నొక్కి చూడు. కాస్త లొంగాలి గానీ కుంగకూడదు. మామిడిపండుని రంగు చూసి కొనేవాడంత వెర్రివాడు ఇంకోడు లేడు. తొడిమ దగ్గర ముక్కు పెట్టు. వాసన లేకపోతే పైన పసుపు, లోపల పులుపు. పులిసిన వాసనొస్తే అది దాటిపోయిన పండు."

"మరి సొరకాయ, అత్తయ్యా?"

"దానికి గోరే సాక్షి," అంది అత్తగారు. బొటనవేలి గోరు సొరకాయలో గుచ్చింది. లేత కాయైతే గోరు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది, ముదురైతే దిగదు. ఎప్పుడో తలుపు సందులో పడి ఆవిడ గోరు నడిమికి చీలింది, మళ్ళీ సరిగ్గా అతకలేదు. అందుకని ఆవిడ గుచ్చినచోట గీత రెండు ముక్కలుగా పడుతుంది. నాలుగైదు కాయలు గుచ్చి ఒకటి కొనడం ఆవిడ పద్ధతి. మిగతావి మర్నాటికి గుచ్చినచోట నల్లబడతాయనీ, అవి ఎవరూ కొనరనీ ఆవిడకి తెలియక కాదు. ఊరందరికీ లేని బాధ నాకెందుకు అనుకునేది.

కోడలికి గోరు గుచ్చడానికి మనసొప్పలేదు. పైన నూగుందా, బరువుందా అని చూసి, వేలి మెత్తతో నొక్కి తీసుకునేది. "గాజులు తొడిగించుకోడానికొచ్చావా?" అని అత్తగారు దెప్పేది.

ఒకరోజు కోడలు అలాగే ఓ కాయ పట్టుకుని నొక్కుతుంటే కూరలమ్మే ఆవిడ గయ్యిమని లేచింది.

"దొరికావు తల్లీ! రోజూ నా కాయలకి గాట్లు పెట్టేది నువ్వేనన్నమాట! నిన్న తెచ్చిన కాయ ఇవాళ చెత్తబుట్టలోకి! ఇకమీద నా సరుకు ముట్టుకున్నావో..."

బజారంతా తిరిగి చూసింది. కోడలి మొహం కందిపోయింది. ఆ పిల్ల ఒక్కసారి అత్తగారి వైపు చూసి తలదించుకుంది. అత్తగారు బొటనవేలు పిడికిట్లో ముడిచి, పిడికిలి సంచిలో పెట్టింది. ఇప్పుడంటే పరువు పోతుంది, రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు.

ఆ తరవాత కూడా అత్తగారి గోరు ఊరుకోలేదు. కోడలు బజారుకెళ్ళినప్పుడల్లా దూరంగా నిలబడి అడిగి తెస్తోంది, ఇంట్లో రోజు విడిచి రోజు సొరకాయే.

"బజారులో ఇంకేం దొరకడం లేదా? అదీ గోరు పడ్డ కాయ! కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఒకనాడు అత్తగారు విసుక్కుంటూ కోడలు చెక్కేసిన తొక్కొకటి పళ్ళెంలోంచి తీసి చూసింది. నల్లటి గీత. రెండు ముక్కలుగా.

ఆవిడ తన బొటనవేలి వైపు చూసుకుంది.

"ఎందుకు కొంటున్నావే ఇవి?"

కోడలు కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "మనం పాడుచేసినవి మనమే కొనాలి కదా అత్తయ్యా. లేకపోతే ఆవిడ పారేసుకుంటుంది."

'మనం' అంది! 'మీరు' అన్నా ఆవిడకి అంత బాధ కలిగేది కాదు. ఆ పూట అన్నం సహించలేదు. ఇంత వయసొచ్చి ఒక పిల్ల వెనక దాక్కున్నానే అని తనని తానే తిట్టుకుంది.

మర్నాడు కోడల్ని వెంటబెట్టుకుని బజారుకెళ్ళింది. కోడలు బండికి దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది.

"మీరు చూసుకోండమ్మా," అంది కూరలావిడ. "మీ కోడల్ని మాత్రం కాయ ముట్టుకోనివ్వను."

"ఆ గోరు దానిది కాదు. నాది."

కూరలావిడ నవ్వేసింది. "కోడల్ని ఎంత కడుపులో పెట్టుకుని చూస్తారమ్మా! మీలాంటి అత్త దొరకాలంటే పెట్టిపుట్టాలి." పక్క బండివాడు కూడా ఔనన్నట్టు తలూపాడు.

ఆ మెచ్చుకోలు అత్తగారికి చెంపదెబ్బలా తగిలింది. పోనీలే, చెప్పాను కదా, నమ్మకపోతే నా తప్పా అని మనసు ఒక్క క్షణం సందు వెతికింది కూడా. ఆ సంగతి తెలిసి ఇంకా సిగ్గేసింది. గుట్టలోంచి నిన్నటి నల్లగీత ఉన్న కాయ తీసింది. ఆ గీత పక్కనే, అందరూ చూస్తుండగా, బొటనవేలు గుచ్చింది. తడితడిగా కొత్త గీత పడింది. రెండు ముక్కలుగా.

కూరలావిడ పాత గీతనీ కొత్త గీతనీ మార్చి మార్చి చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అత్తగారికి. కూరలావిడ దూరంగా ఉన్న కోడల్ని పిలిచింది.

"నువ్వు రామ్మా. నీకు కావలసింది చూసుకో."

కోడలు వచ్చి ఓ కాయ ఎత్తి, వేలి మెత్తతో నొక్కి చూసింది. అత్తగారు తను గుచ్చిన కాయని సంచిలో వేసుకుని, ఇంకే కాయా ముట్టుకోకుండా పక్కన నిలబడింది.