నాలుగో అంశం

ఆ వారంలో డాక్టరమ్మ నాలుగు అంశాలకు నీళ్లు వదిలేసింది. మూడింటికి కారణాలు న్యాయమైనవే. నాలుగోదానికే లేదు.

అంటురోగం పెరగడంతో విద్యార్థులెవరూ వార్డుల్లో అడుగుపెట్టకూడదని కళాశాల ఉత్తర్వు తీసింది. రోగిని ముట్టుకోకూడదు, ఫోన్లో పలకరించకూడదు, కేసు షీటు కూడా తెరవకూడదు. అయినా మూడో ఏడాది పరిశోధన మాత్రం పూర్తి చేయాల్సిందే. ఈత నేర్చుకోండి గానీ నీళ్లలో దిగొద్దు అన్నట్టుంది కదా అని పిల్లలు నవ్వుకున్నారు. చివరికి పెద్దలు ఒక దారి చూపించారు. లోకంలో ఇప్పటికే అచ్చయిన అధ్యయనాలన్నీ ఒక పద్ధతి ప్రకారం వెతికి, ఏరి, తూకం వేసి, అవన్నీ కలిసి ఏం చెబుతున్నాయో తేల్చాలి. దాన్నే క్రమబద్ధ సమీక్ష అంటారు. దానికి రోగి అక్కర్లేదు, కాగితాలు చాలు. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకల్లా అంశం రాసి ఇవ్వాలి. ఇవ్వని వాళ్లకు ఆ ఏడాది పరిశోధన మార్కులు సున్నా.

పసిపిల్లల విభాగంలో పదిహేడేళ్లుగా పనిచేస్తున్న డాక్టరమ్మకు ఇద్దరిని అప్పగించారు. ఒకడు వాగుడుకాయ. తరగతి మొత్తం వాణ్ణి అలాగే పిలుస్తుంది, వాడూ పలుకుతాడు. రెండోది మునిగారు. ఆ అమ్మాయి నోరు విప్పితే వాన పడుతుందని తోటివాళ్ల ఎగతాళి.

మొదట చక్కెర వ్యాధికి ఆహార నియమాలు అన్నారు. వెతికితే పద్నాలుగు వేల వ్యాసాలు వచ్చాయి. "పది వారాల్లో ఇవన్నీ చదవాలంటే మీ మనవలు కూడా సాయం పట్టాలి" అంది డాక్టరమ్మ. రెండోసారి ప్రశ్నను మరీ బిగించారు, రెండే వ్యాసాలు దొరికాయి. మూడోది బాగానే కుదిరింది గానీ, సమీక్షలను ముందుగా నమోదు చేసే పట్టికలో చూస్తే ఇంకెవరో నాలుగు నెలల క్రితమే అదే ప్రశ్న మొదలుపెట్టారు.

బుధవారం పొద్దున వాగుడుకాయ గదిలోకి వస్తూనే మొహం వెలిగిపోతూ ఉన్నాడు.

"మేడం, ఈసారి దొరికింది! బరువు తక్కువగా పుట్టిన పిల్లలు, అది ఒకటి. పుట్టిన వెంటనే అమ్మ గుండెకి ఆనించి పడుకోబెట్టడం, అది రెండు. దాన్ని వేడి యంత్రంతో పోల్చాలి, మూడు. మొదటి రోజు ఒళ్లు చల్లబడిందా లేదా, నాలుగు. ఇలా నాలుగు ముక్కలూ కుదరాలని మీరే కదా చెప్పారు. వెతికాం. పనికొచ్చేవి పాతిక దాకా ఉన్నాయి. నమోదు పట్టికలో ఎవరూ లేరు."

"అసలు మీ వ్యాసం చదివాకే ఈ ఆలోచన వచ్చింది" అంది మునిగారు మెల్లగా.

డాక్టరమ్మ చూపు తిప్పుకుంది. "అది పాత విషయం. వేరేది చూడండి" అంది.

"పాతదైతే ఏమైంది మేడం? ఎవరూ కలిపి చూడలేదు కదా?"

"చూడమన్నాను కదా."

మునిగారు చేతిలోని ఫారం బల్ల మీద పెట్టింది. తిరస్కరించిన అంశాలు, కారణాలు అని అందులో ఒక గడి ఉంది. మొదటి మూడూ నిండాయి. "నాలుగోదానికి కారణం ఏం రాయమంటారు మేడం?"

"రేపు చెప్తాను."

కారణం ఆవిడకు తెలుసు. అది ఏ గడిలోనూ రాసేది కాదు.

పదమూడేళ్ల క్రితం ఆ వ్యాసం కోసం తొంభై రెండు మంది పిల్లలను రెండు జట్లుగా పంచారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో వైద్యుడు ఎంచుకోకూడదు. అందుకే వరస అంకెలు వేసి, అంటించిన కవర్లు తయారుచేసి ఇచ్చారు. బిడ్డ వచ్చినప్పుడు వరసలో ఉన్న కవరు చింపాలి, లోపల తల్లి అని ఉంటే తల్లి దగ్గరికి, యంత్రం అని ఉంటే యంత్రం కిందికి. ఆ కవర్లు పల్చటివి. లైటుకు ఎత్తి పట్టుకుంటే లోపలి మాట పొట్టిదో పొడుగుదో తెలిసిపోయేది. మొదటిసారి అలా ఎత్తింది ఒక బిడ్డ కోసం. కిలో కూడా లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి. కవర్లో తల్లి అని కనిపించింది. ఆ పసిగుడ్డును యంత్రం కింద నుంచి తీయడానికి చేతులు రాలేదు. కవరు పక్కన పెట్టి, యంత్రం అని ఉన్న తర్వాతిది చింపింది. పక్కన పెట్టినదాన్ని ఆ తర్వాత వచ్చిన గట్టి బిడ్డకు వాడింది. ఆ తర్వాత నీరసంగా వచ్చిన బిడ్డలందరికీ అదే చేసింది. పదికి తక్కువ కాదు. ఎంతమందో లెక్క పెట్టుకోలేదు, పెట్టుకునే ధైర్యం లేక.

అలా గట్టి పిల్లలు తల్లి జట్టులోకి, నీరసం పిల్లలు యంత్రం జట్టులోకి చేరారు. లెక్క తేలేసరికి తల్లి జట్టు అద్భుతంగా కనిపించింది. వెలుతురు చొరని, అంటించిన కవర్లు వాడాం అని వ్యాసంలో రాసింది. ఆ వ్యాసమే ఆవిడకు పేరు తెచ్చింది. వచ్చే నెల విభాగాధిపతి పదవికి ఇంటర్వ్యూ కూడా దాని పుణ్యమే.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. అక్క అదే వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయింది. మొగుడు పోయాక చెల్లెలి దగ్గరే ఉంటోంది. చెల్లెలి అడుగుల చప్పుడు బట్టే ఆరోజు ఎలా గడిచిందో చెప్పగలదు.

"ఏమే, మొహం అలా వేలాడేసుకొచ్చావు?"

డాక్టరమ్మ పిల్లల అంశం గురించి చెప్పింది. కవర్ల గురించి చెప్పలేదు. పదమూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

అక్క కత్తిపీట పక్కకు జరిపింది. "కవర్లు లైటుకు పెట్టి చూసేదానివి. అందుకేనా?"

"నీకు తెలుసా?"

"పక్కనే నిలబడ్డదాన్ని, నాకు కళ్లు లేవా? నీరసం పిల్లల మీద జాలి కొద్దీ చేస్తున్నావులే అనుకున్నాను. అది పుస్తకాల్లోకి ఎక్కుతుందని నాకేం తెలుసు?"

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"నన్ను అడుగుతావేంటి? డాక్టరువు నువ్వు." కత్తిపీట మళ్లీ ముందుకు లాక్కుంటూ అంది. "పోనీ, వాళ్లకు వేరే అంశం ఇప్పించు. పిల్లలే కదా, ఏదిస్తే అది చేస్తారు."

అక్క అలా అంటుందనే డాక్టరమ్మ ఆశపడింది. తీరా అన్నాక మనసు తేలికపడలేదు సరికదా, ఇంకా బరువెక్కింది.

గురువారం పొద్దున్నే ఆవిడ కొత్త అంశం రాసుకొని వెళ్లింది. వార్డు సిబ్బందికి చేతులు కడుక్కోవాలని గుర్తుచేస్తూ గోడ మీద అంటించే కాగితాల గురించి. తప్పు పట్టడానికి వీల్లేని అంశం. అందులో ప్రాణం కూడా లేదు.

వాగుడుకాయ ఆ కాగితం చదివి, "సరే మేడం" అన్నాడు. అంతే అన్నాడు. వాడి నోటి నుంచి రెండే మాటలు రావడం ఆవిడ ఎన్నడూ వినలేదు. పక్కన మునిగారు సంచిలోంచి ఏవో కాగితాలు తీయబోయి, మళ్లీ లోపలికి తోసేసింది.

"ఏంటవి?"

"ఏం లేదు మేడం. పాత అంశానివి. అంశం రాసిచ్చే ముందు వ్యాసాలను తూకం వేసే మా ఫారం రెండు వ్యాసాల మీద ప్రయత్నించి చూడమన్నారు కదా, పని చేస్తుందో లేదో తెలుస్తుందని. కారణం ఇవాళ చెప్తానన్నారు కదా, ఇంకా కొట్టేయలేదేమో అనుకొని నిన్న మధ్యాహ్నం చేశాం. ఇద్దరం విడివిడిగా చదివి, తర్వాత పోల్చుకున్నాం."

"ఏ రెండు వ్యాసాలు?"

"ఒకటి మీదే."

ఇవ్వమని చెయ్యి చాపింది. అచ్చంగా తను నేర్పినట్టే నింపారు. జట్ల పంపకంలో పొరపాటు జరిగే ప్రమాదం ఎంత అన్న చోట వాగుడుకాయ 'తక్కువ' అని రాశాడు, వెలుతురు చొరని కవర్లు అన్న వాక్యాన్ని సాక్ష్యంగా చూపించాడు. మునిగారు కూడా 'తక్కువ' అనే రాసింది. కానీ దాని పక్కన పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

"ఇదేంటి?"

ఆ అమ్మాయి తల దించుకుంది. వాగుడుకాయే అందుకున్నాడు. "దీనికి ఊరికే అనుమానం మేడం. రెండు జట్ల పిల్లల పుట్టుక బరువులో సగటున నూట అరవై గ్రాముల తేడా ఉందంట. అది కాకతాళీయం అని మీరే రాశారు కదా అన్నాను. వినదే!"

"తప్పుగా అనుకోకండి మేడం" అంది మునిగారు. "అనుమానం వస్తే ఊహించొద్దు, రాసినవాళ్లని అడగాలి అని మీరే చెప్పారు. అందుకని ఒక ప్రశ్న రాసుకున్నా. ఇప్పుడు అంశమే మారింది కదా, అక్కర్లేదు."

కాగితం అడుగున ఆ ప్రశ్న ఉంది. గుండ్రటి, పొందికైన రాత. 'బిడ్డను చేర్చుకునే వ్యక్తికి, కవరు తెరవక ముందే అందులో ఏముందో తెలుసుకునే అవకాశం ఉండిందా?'

డాక్టరమ్మ ఆ వాక్యం మళ్లీ చదివింది. లేదు అనొచ్చు. ఆ మాట చాలు, ఈ ఇద్దరూ నమ్ముతారు. నమ్మి 'తక్కువ' దగ్గర పెన్సిలు గుర్తు చెరిపేస్తారు. వాళ్ల సమీక్షను ఇంకెవరో నమ్ముతారు, దాన్ని చూసి ఎక్కడో ఒక వార్డులో ఎవరో ఒక కిలో బిడ్డను యంత్రం కింద నుంచి తీస్తారు. తను తీయలేకపోయిన బిడ్డను.

ఏడుపు వచ్చింది. పిల్లల ముందు ఏడవకూడదని పళ్లు బిగపట్టింది. ఎదురుగా ఉన్న కలం తీసి ఆ ప్రశ్న కింద రాసింది. 'ఉండింది. కవర్లు పల్చనివి. లైటుకు ఎత్తి చూసి, కనీసం పదిమంది విషయంలో వరస మార్చాను. నీరసంగా ఉన్నవాళ్లను యంత్రం జట్టులోకి పంపాను.' కింద సంతకం చేసి, తేదీ వేసి, కాగితాన్ని వాళ్ల వైపు తిప్పింది.

వాగుడుకాయ చదివాడు. కాగితాన్ని మునిగారి వైపు జరిపాడు.

"నాలుగో అంశమే తీసుకోండి" అంది డాక్టరమ్మ. "దానికి నేను గైడుగా ఉండకూడదు. నా వ్యాసం తూకం వేసేటప్పుడు నేను తక్కెడ దగ్గర ఉండకూడదు. పక్క విభాగంలో సార్ ఉన్నారు, ఇప్పుడే వెళ్లి అడుగుతాను. ఎందుకో కూడా నేనే చెప్తాను. ఆ వ్యాసం అచ్చేసిన పత్రిక వాళ్లకు కూడా ఇవాళే రాస్తాను."

"మేడం, మీ ఇంటర్వ్యూ..." అన్నాడు వాగుడుకాయ.

"అది నా సంగతి. ఈ ఫారం సంగతి చూడండి. ఇదింకా తప్పుగానే ఉంది."

మునిగారు కలం పట్టుకుంది గానీ కదపలేదు. కళ్లలో నీళ్లు నిండాయి. పదమూడేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అడిగిన పిల్ల, జవాబు దొరికాక రాయలేక కూర్చుంది.

"రాయమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ అమ్మాయి 'తక్కువ' మీద గీత కొట్టి 'ఎక్కువ' అని రాసింది. ఆధారం అన్న గడి దగ్గర ఆగింది. "ఇక్కడ ఎవరు చెప్పారని రాయాలి మేడం?"

"రచయిత చెప్పారని రాయి. నా పేరు పూర్తిగా రాయి."