రెండో ఫోటో

రాత్రి డ్యూటీ ముగించి ఇంటికొచ్చి నడుం వాల్చబోతున్న నర్సుకు ఆడపడుచు ఫోటో పంపి, వెంటనే ఫోన్ చేసింది. ఆడపడుచు ఎనిమిదో నెల గర్భిణి. మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూసుకోమని డాక్టరిచ్చిన పరీక్ష పట్టీని అందులో ముంచి, డబ్బా మీది రంగుల పక్కన పెట్టి తీసింది. పసుపుగా ఉండాల్సిన గడి ఆకుపచ్చగా ఉంది.

"వదినా, బిడ్డకేమన్నా అవుతుందా?"

"ముంచాక ఎంతసేపటికి చూశావు?"

"బట్టలు ఆరేసొచ్చి."

"నిమిషానికే చూడాలి తల్లీ! ఆలస్యమైతే రంగు ముదురుతుంది. పైగా ఆ బాత్రూం బల్బు కింద నువ్వూ కామెర్ల మనిషిలానే ఉంటావు. కిటికీ దగ్గర ఇంకో పట్టీతో చూడు. డబ్బా మూత తెరిచి పెట్టి పట్టీలకు చెమ్మ తగలనివ్వలేదుగా?"

"లేదొదినా, బిగించే ఉంచా."

ఇన్ని సాకులు దొరికినందుకు నర్సుకు ప్రాణం కుదుటపడింది. కాళ్లు పీకేస్తున్నాయి. ఈ పూటకు ఇంకెవరి జబ్బూ వద్దనిపించింది.

రెండో ఫోటో ఎండ వెలుగులో, సరిగ్గా నిమిషానికి తీసింది. గడి అదే ఆకుపచ్చ.

"తలనొప్పేమైనా ఉందా?"

"నిన్నటి నుంచీ. చెబితే విసుక్కుంటావని..."

"విసుక్కుంటా, ఆ హక్కు నాది. ఇప్పుడే మా ఆసుపత్రికి బయల్దేరు, బీపీ పెరిగిందేమో చూడాలి. నేనూ మళ్లీ అక్కడికే వస్తున్నా."