గోబర్ గ్యాసును చంపిందెవరు?

పొయ్యి మీద పప్పు సగం ఉడికిందో లేదో, నీలిమంట ఒక్కసారి వణికి ఆరిపోయింది. హేమ మళ్ళీ అగ్గిపుల్ల గీసింది. బర్నర్ బుస కొట్టిందే గానీ అంటుకోలేదు.

"సాల్లే, మరి గీకకు!" వెనకనుంచి అత్త పుణ్యవతి గొంతు. "దాన్ని సంపీసినావు గదా. ఇప్పుడేటి కంగారు?"

హేమ పెరట్లోకి పరుగెత్తింది. పేడ కలిపే తొట్టి దగ్గర మామ అప్పయ్య మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. ఆయన పక్కనే బావగారు కూర్మారావు, చేతిలో ఖాళీ ఫినాయిలు డబ్బా.

"తొట్టి ఎనకాల దొరికింది బాబూ," అన్నాడు కూర్మారావు తండ్రితో. "కొత్తలో ఈ పిల్ల ఏటన్నాదో గుర్తుందా? నాను బరంపురం పిల్లని, పేడ గ్యాసు మీద వంట సెయ్యను, సిలిండరు తెండి అన్నాది."

అన్నమాట నిజమే. కానీ ఆ తర్వాత ఆ పేడలో చేతులు పెట్టి, సమానంగా నీళ్ళు పోసి, గడ్డిపరకలు ఏరి రోజూ తొట్టిలో కలిపింది ఎవరు? తను కాదూ? ఆ మాట ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

అప్పయ్యకి ఆ గ్యాసు ప్లాంటంటే ప్రాణం. పాత్రపూర్ చుట్టుపక్కల ఆయన వంగతోటని చూడ్డానికి జనం వస్తారు. ఆ మడికి ప్లాంటు నుంచి పొంగే పేడనీళ్ళు, ఆ స్లర్రీ తప్ప వేరే ఎరువు ఎరగడాయన.

"నీ మొగుడు రవి డ్యూటీ నుంచి రానీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఫినాయిలు నువ్వే పోసినావని తేల్తే, పాపని ఇక్కడ ఒగ్గీసి మీ పుట్టింటికి ఎల్లిపో."

పాపని! తన పాపని! ఏడిస్తే లాభం లేదు. వెతకాలి.

హేమ గొట్టం అతుకుల మీద సబ్బునురుగు రాసింది. ఒక్క బుడగ లేవలేదు. లీకు లేదన్నమాట. గొట్టంలో చేరిన నీళ్ళు వంపేసి మళ్ళీ వెలిగించి చూసింది. ఊహూఁ. గ్యాసు వస్తోంది, మండే గుణం పోయింది. పైగా ఇది ఈరోజు జబ్బు కాదు. వారం పైగా మంట చిక్కిపోతూనే ఉంది.

తొట్టి మీదికి వంగి గట్టిగా వాసన చూసింది.

"అత్తా, ఇలా రా. ఫినాయిలు పోసిన తొట్టి ఇలాగుంటాదేటి?"

పుణ్యవతి ముక్కు పెట్టి, నుదురు ముడేసింది. "ఉత్త పేడ వాసనేనే. మరా డబ్బాకి కాళ్ళొచ్చి నడిసొచ్చిందా?"

"నానూ అదే అడుగుతున్నాను."

ప్లాంటు కట్టిన మేస్త్రి అప్పుడే చెప్పాడు: లోపల కంటికి కనపడని పురుగులుంటాయి, గ్యాసు చేసేవి అవే. ఫినాయిలు, సబ్బునీళ్ళు వాటికి విషం. పశువుకి మందు పొడిస్తే దాని పేడ వేరే పారెయ్యాలి.

మందు! హేమ తల గిర్రున పశువులశాల వైపు తిరిగింది. ఉన్నవి రెండే ఆవులు. ఎర్ర జెర్సీ దగ్గరికి ఈమధ్య పాలు పితికే బావగారు ఎవరినీ రానివ్వడంలేదు. దాని పేడ కూడా వేరే మనిషి చెయ్యి పడకుండా తొట్టిలోకి చేరిపోతోంది.

"అటెందుకు ఎల్తన్నావు?" కూర్మారావు గబుక్కున అడ్డొచ్చాడు. "తన్నీగలదు!"

"తన్నితే తంతాది. తప్పుకో బావా."

ఆవు పక్కన కూర్చుని పొదుగు తడిమింది. వెనక సన్నొకటి రాయిలా వాచి, కాలిపోతోంది. అరచేతిలోకి పిండింది. పాలు కాదు, విరిగిన గడ్డలు. మెడ మీద సూది పొడిచిన బుడిపెలు. మూలనున్న ఊకలో చెయ్యి పెట్టి కెలికితే ఖాళీ మందు సీసాలు చేతికి తగిలాయి.

వాటిని తెచ్చి మామ ముందు పెట్టింది. అప్పయ్య సీసా ఎత్తి వెలుతురులో చూశాడు.

పుణ్యవతి గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! మందేసిన ఆవు పాలు తాగకూడదు గదే! మన పాప రెండు పూటలా ఇయ్యే తాగతంది!"

"వాసిన సన్ను పాలు పారబోసి, మిగతా మూడూ పిండుతున్నారు అత్తా. రోగమని తెలిస్తే మన పాలు కొనే దిగపహండి హోటలోడు పాలు మానీమంటాడని దాచినారు. పేడ వేరే పారేస్తే అందరూ అడుగుతారని అదీ తొట్టిలోనే ఏసినారు. మంట తగ్గీసరికి భయమేసి, ఆ డబ్బా తెచ్చి తప్పు నా నెత్తిన రుద్దినారు."

"ఎవులు?" అప్పయ్య గొంతు ఉరిమింది. "ఇంట్లో ఇంత పని సేసిందెవులు?"

"నాకేటి తెలుసు బాబూ?" కూర్మారావు చూపు నేలమీదే ఉంది. "పాలు పితకడం మట్టుకే నా పని."

ఆ ఇంట్లో మొగుడి అన్న పేరు ఏ కోడలూ ఇంతవరకు నోటితో పలకలేదు. వద్దన్నట్టు పుణ్యవతి తల అడ్డంగా ఊపింది.

"పేరు సెప్పు పిల్లా!" అన్నాడు అప్పయ్య.

హేమ బావగారి మొహంలోకి సూటిగా చూసింది.

"కూర్మారావు."