పావువంతు మిగిలిన బొగ్గు

సెలక్షన్ పరీక్షలో మరియమ్మకు ముప్పై మార్కులొచ్చాయి. ముప్పై అయిదు రాకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. పిడుగురాళ్ల సున్నపుబట్టీలో రాళ్లు మోసే జక్కయ్యకు, కూతుర్ని ఇంకో ఏడాది చదివించడం అయ్యే పని కాదు.

గురజాలలో కొత్తగా పెట్టిన ఆ కాలేజీలో శౌరి కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. ఆమె పేపరు తిరగేస్తుంటే అతని ఒళ్లు మండిపోయింది. ప్రశ్న ఇది: బతికున్న చెట్టులో గ్రాము కార్బన్‌కు నిమిషానికి పదహారు పరమాణు విచ్ఛేదాలు, తవ్వకంలో దొరికిన బొగ్గులో నాలుగు. అర్ధాయువు, అంటే సగం తరిగే కాలం, 5570 ఏళ్లు. బొగ్గు వయసెంత? పదహారు ఎనిమిదయింది, ఎనిమిది నాలుగయింది, కాబట్టి రెండు అర్ధాయువులు, 11,140 ఏళ్లు అని పిల్ల రాసింది. దానిమీద ఎర్రపెన్సిలు గీత. ఎనిమిది మార్కులకు సున్నా.

పేపరు పట్టుకుని లెక్చరర్ నాగేశ్వరరావు గదికి పోయాడు. మరియమ్మ తలుపు దగ్గర నిలబడింది.

"సగం పోవడానికి 5570 అయితే ముప్పావు పోవడానికి ఎంత? త్రైరాశికం వెయ్యి. 8355. ఇదేమన్నా బ్రహ్మవిద్యా, శౌరీ?" అన్నాడాయన. ఈ పాఠం ఆ ఏడే సిలబస్‌లో కలిసింది. ఆయన చదువుకున్న రోజుల్లో లేదు.

"అట్టయితే 11,140 ఏళ్లకు బొగ్గులో ఏమీ మిగలగూడదు గదండీ!"

"మిగలదు."

శౌరి జేబులోంచి చింతపిక్కల బద్దలు బల్లమీద పోశాడు. హాస్టలు పిల్లలు అష్టాచెమ్మాకు చీల్చి పెట్టుకున్నవి. ఒకవైపు తెలుపు, ఒకవైపు గోధుమ. అరవై నాలుగు.

"ఒక్కో విసురు 5570 ఏళ్లనుకోండి. తెల్లగా పడ్డవి పోయినట్టు లెక్క. విసరండి."

"ఏందయ్యా ఈ ఆట?" అంటూనే విసిరాడాయన. ముప్పై ఒకటి తీసేశారు. మిగిలిన ముప్పై మూడూ మళ్లీ విసిరాడు. పదిహేను పోయాయి, పద్దెనిమిది మిగిలాయి. పావువంతుకు కాస్త అటూ ఇటూ.

"మిగిలిన దాంట్లోనే సగం పోద్ది సార్," అంది మరియమ్మ నెమ్మదిగా. "మొదటి దాంట్లో కాదు."

వరండాలో పిల్లలు మూగుతున్నారు. ప్యూన్ యల్లమంద చూసి, ఎవరూ చెప్పకుండానే తలుపు దగ్గరికేశాడు.

నాగేశ్వరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే. అయిదు మార్కులు కలుపుతా. దయతలచి ఇచ్చినట్టు రాస్తా. పో అమ్మాయ్."

"దయెందుకండీ?" శౌరి గొంతు పెరిగింది. "లెక్క సరిగ్గా చేసిన పిల్లకు భిక్షమా?"

"అట్టా రాయకపోతే 8355 వేసినోళ్లందరికీ మార్కులు కొయ్యాల! పున్నారావూ అదే వేశాడు. వాళ్ల నాన్న కాలేజీ కమిటీ మెంబరు, తెలుసా?"

మరియమ్మ ముఖం కందిపోయింది. "నాకు దయ మార్కులొద్దు సార్. అట్టయితే ఇంటికే పోతా. మా నాయనకు ఏం చెప్పుకోను, లెక్క తప్పు చేశాననా?"

నాగేశ్వరరావు ఒక పిక్క బద్దను వేళ్లతో తిప్పుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత సున్నా కొట్టేసి, పక్కన ఎనిమిది వేసి, సంతకం పెట్టాడు.

"యల్లమందా, ఆ పేపర్ల కట్టంతా పట్రా," అన్నాడు. "పున్నారావు పేపరు పైన పెట్టు."