డ్రై రన్‌లో అక్క గొంతు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా రేడియో స్టేషన్‌లో అందరికీ తెలుసు. అందుకే మేనేజరు తలుపు దగ్గరే నిలబడి అడిగాడు.

"కొత్త జాబ్ ఇవాళే నడిపేయొచ్చుగా?"

"నడిపేయొచ్చు. రేపు పొద్దున్న ఆర్కైవు ఖాళీ అయితే మైకు ముందు కూర్చుని మీరు పాడతారా?"

తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

అది సింక్ జాబ్, కంప్యూటరు తనంతట తానే చేసుకుపోయే పని. స్టూడియో డిస్కులో ఏముందో ఆర్కైవులోనూ అచ్చం అదే ఉండేట్టు చూస్తుంది. కొత్త రికార్డింగులుంటే ఆర్కైవుకి కాపీ చేస్తుంది. స్టూడియోలో లేనివి ఆర్కైవులో కనిపిస్తే చెరిపేస్తుంది. బ్యాకప్ ఉందిగా అనకండి, నెల తిరిగేసరికి అదీ పాతదాన్ని తుడిచేస్తుంది. కాబట్టి ముందు డ్రై రన్. ఏం చేయబోతోందో చెబుతుంది, దేన్నీ ముట్టుకోదు.

వరసలు తెర మీద జారుతున్నాయి. కాపీ, కాపీ, కాపీ. చివర్లో చెరిపివేతలు వచ్చాయి. అన్నీ అక్క ఫోల్డరులోవే.

ఒళ్లు జల్లుమంది. అక్క ఇక్కడ అనౌన్సరుగా చేసేది. తను పోయి రెండేళ్లయినా గొంతు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. స్పీకర్లు సరిచూడటానికి ప్రతి పొద్దున్నా తన పాత రికార్డింగే వేసేవారు. "ఒకటి, రెండు, మూడు... ఏవండీ, వినిపిస్తోందా?" కారిడార్‌లో టీ గ్లాసు పట్టుకుని ఎన్నిసార్లు ఉలిక్కిపడి వెనక్కి తిరిగానో! ఆ "ఏవండీ" మా బావ. స్టూడియో అద్దం ఇవతల కూర్చుని రికార్డు చేసింది ఆయనే. ఇప్పుడు ఆర్కైవు బాధ్యత కూడా ఆయనదే.

ఈమధ్య ఆ గొంతు వినపడటం లేదు. ఎవరో టెస్టు ఫైలు మార్చి ఉంటారులే అనుకున్నాను.

బావ గదికి వెళ్లాను.

"స్టూడియో డిస్కులో అక్క ఫోల్డరు లేదు బావా."

ఆయన తల ఎత్తలేదు. "పాతవేగా, వదిలెయ్. నేను సంతకం పెడతాను."

"నువ్వే తీసేశావా?"

పెన్ను పక్కన పెట్టాడు. "రోజూ పొద్దున్నే వినిపిస్తోందా అని అడిగేది. తనున్నప్పుడైతే అద్దంలోంచి బొటనవేలు ఎత్తి చూపించేవాణ్ణి. ఇప్పుడు ఎవరికి చూపించను? స్టూడియోలో తీసేశాను గానీ ఆర్కైవులో చెరపడానికి చెయ్యి రాలేదు. నీ జాబ్ దాని మానాన అది చెరిపేస్తుందిలే అనుకున్నా."

కోపం నషాళానికంటింది. నీకు పెళ్లామైతే నాకు అక్క కాదా అని అరవబోయి దిగమింగుకున్నాను. ఆయన సంతకం పెడితే నేను కాదనలేను. కానీ ఇక్కడ ఎవరి సంతకమైనా స్టేజింగ్ తర్వాతే.

స్టేజింగ్ అంటే వేరే మెషీన్ మీద స్టూడియో డిస్కుకీ ఆర్కైవుకీ తీసిపెట్టిన నకళ్లు. జాబ్ వాటినే చూస్తోందని, అసలువాటి జోలికి పోదని ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. ఈసారి డ్రై రన్ కాదు, నకళ్ల మీద నిజంగానే నడిపాను. బావని పిలిచి నా కుర్చీలో కూర్చోబెట్టాను.

"రేపు అసలు ఆర్కైవు ఇలా ఉంటుంది. వెతుక్కో."

అక్క పేరు కొట్టాడు. ఏమీ రాలేదు. వాన వార్తలు వెతికాడు, పిల్లల కథలు వెతికాడు. "మధ్యలో నవ్వాపుకోలేకపోయింది చూడు, అదైనా..." అంటూ మళ్లీ కొట్టాడు. ఫ్యాను చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. అక్క పోయిన రోజు ఆసుపత్రి గదిలో మిషన్లు ఆపేశాక ఇలాగే ఉండింది. చూపించాలనుకున్నదాన్ని నేనే, నాకే భయం వేసింది.

"ఇది నకలే కదా?" అన్నాడు పసిపిల్లాడిలా.

"నకలే బావా."

"అయితే దాన్ని వెనక్కి పెట్టెయ్యి."

అసలు ఆర్కైవులోంచి ఫోల్డరును స్టూడియో డిస్కుకి తిరిగి చేర్చాను. జాబ్‌లో చెరిపే ఆప్షను ఆపేశాను. మళ్లీ డ్రై రన్ చేస్తే చెరిపివేత ఒక్కటీ రాలేదు. తాజాగా నకళ్లు తీసి, వాటి మీద మళ్లీ నడిపాను.

ఇక మిగిలింది నమూనాలు పోల్చడం. చేతికందిన ఫైళ్లు కొన్ని, అక్క ఫోల్డరులోంచి ఒకటి తీసి, స్టూడియో ప్రతికీ ఆర్కైవు నకలుకీ చెక్‌సమ్ చూశాను. అన్నీ కలిశాయి. చెక్‌సమ్ కలిసిందంటే రెండు ప్రతులూ ఒకటే, ఇక వినక్కర్లేదు.

"ఒకటి విందాం," అన్నాడు బావ. ఏదని నేను అడగలేదు.

మొదటి ప్రతి వేశాను. "ఒకటి, రెండు, మూడు... ఏవండీ, వినిపిస్తోందా?" బావ బొటనవేలు గాల్లోకి లేచి అక్కడే ఆగిపోయింది. నేను గోడవైపు తిరిగిపోయాను.

రెండో ప్రతి వేశాను. అదే చిన్న దగ్గు, అదే ఊపిరి. "ఏవండీ, వినిపిస్తోందా?"

"వినిపిస్తోందే," అన్నాడు బావ, అద్దం అవతలికి కూడా వినపడేంత గట్టిగా.

తర్వాత సంతకం పెట్టాడు. నేను జాబ్‌ను అసలు ఆర్కైవు మీద నడిపాను.