ఇంకా అనకూడదు

పిన్ని పొద్దున్నే ఈతకొలనుకి వెళ్ళి పిల్లలకి ఈత నేర్పేది. మధ్యాహ్నం తడి జుట్టుతోనే ఇంటికొచ్చి, అన్నాచెల్లెళ్ళిద్దరూ తిన్నారో లేదో అడిగి, అప్పుడు తను తినేది. తల్లి పోయాక వాళ్ళని పెంచింది ఆవిడే. తెల్లారితే ఆవిడకి డెబ్బై నిండుతాయి. కొలను దగ్గర అందరి ముందూ తను చదవడానికి అన్నయ్య నాలుగు మాటలు రాసి, ఓసారి చూడమని చెల్లెలికిచ్చాడు.

చెల్లెలు కలం తీసింది. ఆ ఊళ్ళో పుట్టినరోజు నాడు ఎదురుగా చదివిన మాట, దాని లోపలి అర్థంతో సహా మనిషికి పట్టేస్తుంది. వానలో తడిస్తే జలుబు పట్టినట్టే. అందులో వింతేమీ లేదు, జాగ్రత్తపడాలంతే. కిందటేడు పక్కింటి మేస్త్రీకి కొడుకు ముచ్చటపడి, ఈ వయసులోనూ నాన్న తన కాళ్ళ మీద నిలబడ్డాడంటే గొప్పే అని చదివాడు. సాయంత్రానికి మేస్త్రీ కుర్చీలోంచి లేవలేకపోయాడు. ఇప్పటికీ కిటికీ పక్కనే కూర్చుని ఉంటాడు. కొడుకు తండ్రి కంట పడకుండా పెరటి గుమ్మంలోంచి వస్తూ పోతూ ఉంటాడు.

ఆమె కాగితం ముందు కూర్చుంది. మొదటి మాటే 'డెబ్బై ఏళ్ళొచ్చినా పిన్ని ఇంకా చేపపిల్లే.'

"ఇందులో తప్పేముంది? పొగిడానుగా," అన్నాడు అన్నయ్య.

"ఇదే మాట ఇరవై ఏళ్ళ పిల్లతో అంటావా? నువ్వు ఇంకా ఈదుతున్నావే అని? అనవు. 'ఇంకా' అన్నావంటే, ఈపాటికి మానేసి ఉండాల్సిందని అర్థం. 'వచ్చినా' కూడా అంతే."

రెండూ కొట్టేస్తే 'పిన్ని చేపపిల్లే' అని మిగిలింది. వయసు తీసేసినా పొగడ్త నిలబడింది కాబట్టి ఉంచింది. 'వయసులో ఉన్నప్పుడు ఎంత అందంగా ఉండేదో' అన్నచోట ఆగి, ఉండేది అంటే ఇప్పుడు లేదనే కదా అని కొట్టేసింది. 'ఈడువాళ్ళంతా మంచం పట్టినా' అన్నది చూసి భయపడి, అదీ కొట్టేసింది. మెచ్చుకోవడానికి పక్కన ఇంకొకరిని పడుకోబెట్టాలా? 'నీ దగ్గర ఈత నేర్చుకున్నవాళ్ళకి మనవలు పుట్టారు' అన్నది అన్నయ్య ప్రేమతోనే రాశాడు. కానీ వినేవాళ్ళు నవ్వేది పిన్ని ముసలితనం చూసే. దాన్ని 'నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ నీళ్ళకి భయపడరు' అని మార్చింది.

పిన్నే తన తెల్లజుట్టు మీద జోకులేసుకుంటుంది కదా అని అన్నయ్య గొణిగాడు.

"తను వేసుకుంటే జోకు. మనం వేస్తే ముద్ర."

చివర వెలితిగా అనిపించి తనే ఒక మాట చేర్చింది. రాస్తుంటే కళ్ళు చెమర్చాయి. అందుకేనేమో, దాన్ని మాత్రం మళ్ళీ చదివి చూసుకోలేదు.

మర్నాడు కొలను గట్టు మీద జనం నిండారు. పిన్ని లోతువైపు నీళ్ళలో, కాళ్ళు కదుపుతూ తేలుతోంది. అన్నయ్య మైకులో చదవడం మొదలెట్టాడు. చేపపిల్ల అనగానే ఆవిడ చర్మం నీటి వెలుగుకి మిలమిలలాడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మాకోసం చాలా చేశావు పిన్నీ. ఇక విశ్రాంతి తీసుకో."

అది చెల్లెలి మాట. మైకులో విన్నాకగానీ అందులో ఏముందో ఆమెకి వినపడలేదు. ఇక. అంటే నీ పని అయిపోయిందని. నీళ్ళలో పిన్ని కాళ్ళు ఆగిపోయాయి. మొహంలోకి నిద్రలాంటి ప్రశాంతత వచ్చింది. గడ్డం మునిగింది, పెదాలు మునిగాయి. జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

చెల్లెలు మైకు లాక్కుంది. అనేసిన మాట వెనక్కి రాదు. కానీ ఆ మాటని అక్కడితో ముగియనివ్వకూడదు. అందంగా అనడానికి ఏమీ తట్టలేదు.

"...నీకు తీసుకోవాలనిపిస్తే. లేదంటే వద్దు. ఇక మాకోసం కాదు పిన్నీ, నీకు నచ్చినట్టు ఉండు."

పిన్ని కళ్ళు మాత్రమే నీటిపైన ఉన్నాయి. అవి ఒకసారి రెప్పలార్చాయి. కాళ్ళు నీటిని తన్నాయి. ఆవిడ దగ్గుతూ గట్టెక్కి తువ్వాలు అడిగింది.

ఆ మాటా పట్టింది. వారం తిరక్కుండా పిన్ని కొలను తాళాలు అప్పజెప్పేసి, సముద్రం ఒడ్డున గది తీసుకుని వెళ్ళిపోయింది. తిన్నారా అని అడగలేదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ అలిగారు, ఏడ్చారు, చివరికి చూడ్డానికి వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళేసరికి ఆవిడ అలలు దాటి చాలా దూరం వెళ్ళిపోయింది. తల చిన్న చుక్కలా కనిపిస్తూ మాయమవుతోంది. పిలుద్దామని అన్నయ్య నోరు తెరిచాడు. చెల్లెలు అతని చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ ఒడ్డున నిలబడి చూశారు. ఆ చుక్క వెనక్కి తిరగలేదు. హాయిగా, తొందరేమీ లేకుండా, ముందుకే వెళుతోంది.