స్టాక్ అయిపోయాక వచ్చిన క్లిక్కులు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుంపావుకి చివరి బల్ల అమ్ముడైంది. ప్రకటనలు మాత్రం సాయంత్రం ఆరింటి దాకా నడిచాయి.

ఈ సంగతి సోమవారం మరదలు కనిపెట్టింది. అక్కాబావలు నడిపే ప్రకటనల ఏజెన్సీలో రిపోర్టులు చూసే పని ఆమెది. మూతపడ్డ ఒక సినిమా హాలు స్టేజీ చెక్కని ఓ వడ్రంగి షెడ్డు కొని, నూట ఇరవై చదువుకునే బల్లలు చేయించింది. చెక్క అయిపోతే బల్లలూ అయిపోయినట్టే. ఒకేసారి అమ్మకం, ఒక్కరోజు ప్రచారం. ఆ ప్రచారం ఈ ఏజెన్సీకి ఇచ్చింది. షెడ్డు యజమానురాలిని ఆఫీసులో అందరూ మేడమ్ అంటారు.

బావ ముప్పై పేజీల రిపోర్టు సిద్ధం చేసి పెట్టాడు. ప్రకటన ఎంతమంది కంట పడింది, ఎన్ని లైకులు, మెచ్చుకున్న కామెంట్ల ఫొటోలు, ఆఖర్న ‘వచ్చే ప్రచారానికి సూచనలు’. మరదల్ని అచ్చుతప్పులు చూడమన్నాడు.

ఆమె గంటలవారీ క్లిక్కులు తీసి, పక్కన వెబ్‌సైటు ఆర్డర్ల పట్టిక పెట్టుకుంది. క్లిక్కుల్లో సగానికి పైగా పన్నెండుంపావు తర్వాతవే. అప్పటికి పేజీ మీద ‘స్టాక్ లేదు’ అని ఉంది.

“బావా, బల్లలు అయిపోయాక ప్రకటనలు ఎవరూ ఆపలేదు.”

“అందరం భోజనానికి వెళ్ళాం కదే, అన్నీ అమ్మేశామని. నువ్వు రెండు ఐస్‌క్రీములు లాగించావు.”

“లాగించాను. ప్రకటనల ఖాతా ఉన్నది నీ ఫోన్లో.”

“పోనీలే. మళ్ళీ ఈ సరుకే రాదు, ఆ గొడవ ఇప్పుడెవరిక్కావాలి? మొత్తం క్లిక్కులు వెయ్యి. నిండుగా ఉంటుంది.”

బిల్లులు రాస్తున్న అక్క తలెత్తి బావ వైపు చూసింది. “మేడమ్ పొద్దున ఫోన్ చేసింది. శుక్రవారం సాయంత్రం నువ్వు పంపిన క్లిక్కుల లెక్క చూసి, ఇంకో మూడొందల బల్లలకి గిరాకీ ఉందనుకుంటోంది. కొత్త చెక్క లారీకి బేరమాడిందట. షెడ్డు తాకట్టు పెట్టి కొంటుందట. మన రిపోర్టు చూసుకుని రేపు సంతకం పెడతానంది.”

బావ కుర్చీ వెనక్కి జరిపాడు.

“ఆ క్లిక్కుల్లో కొనేవాళ్ళు ఉండొచ్చుగా?”

“ఉండొచ్చు,” అంది మరదలు. “ఎంతమందో మన దగ్గర లేదు. కావాల్సినవాళ్ళు నంబరు ఇవ్వండని పేజీలో ఒక గడి అయినా పెట్టలేదు.”

“మరి ఏం రాస్తావు?”

“తెలియదని రాస్తాను.”

“రిపోర్టులో తెలియదని రాస్తారటే ఎవరైనా? డబ్బులిచ్చి చేయించుకుంది ఆవిడ!”

“పెళ్ళికి ముందు జీతమెంతని మా నాన్న అడిగితే ‘బాగానే వస్తుందండీ’ అన్నావు,” అంది అక్క. “అదే రాయమందామా?”

మరదలు కోత మొదలుపెట్టింది. రెండోసారి లేని ప్రచారానికి సూచనలెందుకని ఆ పేజీ తీసేసింది. పోల్చడానికి పాత ప్రచారం లేదు కాబట్టి ‘రికార్డు’ అన్న మాట కొట్టేసింది. ప్రచారానికి ముందురోజు వెబ్‌సైటు పనిచేస్తుందో లేదో చూడ్డానికి అక్క పెట్టిన రెండు ఆర్డర్లు లెక్కలోంచి తప్పించింది. లైకులూ కామెంట్లూ చిట్టచివరికి నెట్టింది.

తర్వాత ఆ రోజుని రెండు ముక్కలు చేసింది. బల్లలు ఉన్నంతసేపూ ఎంత ఖర్చు, ఎన్ని క్లిక్కులు, ఎన్ని ఆర్డర్లు. అయిపోయాక ఎంత ఖర్చు, ఎన్ని క్లిక్కులు. కింద రాసింది: ‘రెండో భాగంలో వచ్చినవాళ్ళలో ఎంతమంది కొనేవారో తెలియదు. మళ్ళీ వస్తాయా అని మాకు ఫోన్ చేసి అడిగినవాళ్ళు పదకొండు మంది. కొన్నవాళ్ళలో నలభై ముగ్గురు ఆర్డరుతో పాటు రాసిన మాటల్లో ఆ సినిమా హాలు ప్రస్తావన తెచ్చారు. ప్రకటనలు ఆపకపోవడం మా పొరపాటు.’

రిపోర్టు నాలుగు పేజీలైంది. బావ ఆఖరి వాక్యం దగ్గర ఆగాడు.

“పొరపాటు ఎందుకు? ‘సాంకేతిక కారణాల వల్ల’ అందాం.”

“ఏ సాంకేతిక కారణం బావా? భోజనమా?”

“ఇది పంపితే మధ్యాహ్నం ఖర్చు మన నెత్తిన పడుతుంది. ఆవిడ ఇంకో పని కూడా ఇవ్వదు.”

“పంపకపోతే ఆవిడ షెడ్డు పోవచ్చు.”

బావ రిపోర్టు మళ్ళీ మొదటినుంచి చదివాడు. వాక్యం మార్చలేదు. తనే పంపాడు.

మంగళవారం పొద్దున్నే మేడమ్ ఫోన్ చేసింది. బావ స్పీకర్ పెట్టాడు.

“అంటే కొత్త చెక్కతో చేస్తే కొనరంటారా?”

“తెలియదండీ,” అన్నాడు బావ.

“హాలు చెక్కనే కొన్నారంటారు?”

“నలభై ముగ్గురు దాని గురించే రాశారండీ. మిగతావాళ్ళు ఏమీ రాయలేదు.”

“మధ్యాహ్నం నుంచి అయిన ఖర్చు నేనివ్వను.”

“మేం అడగమండీ.”

ఫోన్ పెట్టేసింది. అక్క బిల్లులోంచి ఆ ఖర్చు తీసేసి మళ్ళీ పంపింది.

సాయంత్రం మేడమ్ నుంచి మెసేజీ వచ్చింది: ‘లారీ వద్దన్నాను. అడిగిన పదకొండు మంది నంబర్లు పంపండి.’

మరదలు పంపింది.